రీలొకేషన్ ప్యాకేజీ అనే మేస్త్రి అడ్వాన్సు

2025 దసరాకి ఊరెళ్ళినప్పుడు మా పెద్దనాయన అరుగు మీద కూచుని ఒక ప్రశ్న అడిగాడు. "ఏందిరా, ఆ బెంగుళూరు కంపెనోళ్ళు పోయేటప్పుడు నీకు లక్షన్నర ఇచ్చి, వచ్చేటప్పుడు మళ్ల లక్షన్నర గుంజుకున్నరంట గద?"

అవునన్నాను.

"మరి నడుమ పన్ను కింద పట్టుకున్నయో?"

"అవి పోయినట్టే పెద్దనాయనా."

ఆయన కాసేపు బీడీ పీల్చి, "మా గుంపు మేస్త్రే నయం రా. చేతిల పెట్టిందే అడిగెటోడు" అన్నాడు.

ఇంజనీరింగ్ చదివి, ఆరేళ్ళుగా కోడ్ రాస్తూ, ఆఫర్ లెటర్ మీద చూడకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను. బడికెళ్ళని మా పెద్దనాయనకి రెండు వాక్యాల్లో అర్థమైన సంగతి నాకు పది నెలలు, 46,800 రూపాయలు ఖర్చయ్యాక గానీ అర్థం కాలేదు. ఆ లెక్కేంటో చెప్పడానికే ఈ టపా.

మాది మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు లేబర్ అన్న మాట మీరు వినే ఉంటారు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ పడితే అక్కడికి మా జిల్లా నుంచి గుంపులు గుంపులుగా పోయేవాళ్ళు. మా పెద్దనాయన కూడా అలా పుణె వైపు పోయినవాడే. పద్ధతి ఇలా ఉండేది. ఎండాకాలానికి ముందు మేస్త్రి ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో ఇంట్లో అప్పు తీర్చుకుని, గింజలు కొని పడేసి, మూట కట్టుకుని బయల్దేరాలి. అక్కడ చేసిన పనిలోంచి అడ్వాన్సు కొంచెం కొంచెం తెగుతుంది. మధ్యలో వచ్చేస్తే మిగిలిన అడ్వాన్సు కోసం మేస్త్రి ఇంటి ముందుకొచ్చి నిలబడతాడు.

ఇప్పుడు నా ఆఫర్ లెటర్ చూడండి. 2024 ఆగస్టు 1న హైదరాబాద్ నుంచి బెంగుళూరులో ఒక కంపెనీకి మారాను (పేరు అనవసరం). జీతం నెలకి లక్షన్నర. రీలొకేషన్ కింద ఒకేసారి 1,50,000 లంప్‌సమ్. మొదటి మూడు నెలలు నెలకి 10,000 రెంట్ సపోర్ట్. కింద చిన్న అక్షరాల్లో ఒక పేరా: చేరిన తేదీ నుంచి 12 నెలల లోపు కంపెనీ వదిలితే లంప్‌సమ్ మొత్తం తిరిగి కట్టాలి. దీన్నే క్లాబ్యాక్ అంటారు. ఆ పేరా నేను చదివాను. చదివి, "ఏడాది లోపల ఎవడు మానేస్తాడులే" అనుకున్నాను. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకుంటున్నా.

ముందు వచ్చిన డబ్బు సంగతి చూద్దాం. ఆగస్టు జీతంతో పాటు లక్షన్నర పడుతుందని నేను ఎదురు చూస్తున్నాను. పడింది 1,03,200. మిగతా 46,800 టీడీఎస్. ఎందుకంటే ఆ ఏడాది నా మొత్తం ఆదాయం 15 లక్షలు దాటింది కాబట్టి చివరగా వచ్చిన ప్రతి రూపాయీ 30 శాతం శ్లాబులో పడింది, దాని మీద 4 శాతం సెస్సు. కలిపితే 31.2 శాతం. కంపెనీ లెక్కలో లంప్‌సమ్ అంటే జీతమే. సామాను లారీకి పెట్టావా, సినిమాకి పెట్టావా అని ఎవరూ అడగరు. అడగరు కాబట్టే మొత్తం మీద పన్ను పడుతుంది.

బెంగుళూరులో నేను చూసుకున్న ఇంటి అద్దె 25,000. ఓనర్ ఆరు నెలల అడ్వాన్సు అడిగాడు. హైదరాబాద్‌లో రెండు నెలలు ఇచ్చి ఇల్లు తీసుకునే అలవాటున్న మనకి అక్కడ మొదటి షాక్ ఇదే. ఆరు నెలలంటే సరిగ్గా 1,50,000. కాగితం మీద చూస్తే లంప్‌సమ్‌కి లంప్‌సమ్ సరిపోయింది. చేతిలో చూస్తే 46,800 తక్కువ. ప్యాకర్స్ వాళ్ళకి, రైలు టికెట్లకి, మొదటి నెల అద్దెకి సొంత డబ్బులే. సామాను లారీ జడ్చర్ల మీదుగానే పోయింది, మా ఊరికి కూతవేటు దూరంలో. అదొక్కటే ఉచితంగా దొరికిన ఆనందం :)

రెంట్ సపోర్ట్ కూడా ఇంతే. నెలకి 10,000 చొప్పున మూడు నెలలు, మొత్తం 30,000. అందులో 9,360 పన్నుకి పోయి 20,640 చేతికొచ్చింది. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళు ఇలాంటిదాన్ని ఇంటద్దె భత్యం కింద చూపించి కొంత మినహాయింపు అడగొచ్చు. కొత్త పద్ధతిలో ఆ తలుపు మూసేశారు. నేను కొత్త పద్ధతిలో ఉన్నాను.

ఇప్పుడు నా నల్గొండ స్నేహితుడి సంగతి. ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే రూములో ఉండేవాళ్ళం. వాడు ఉద్యోగం మారలేదు. వాడి కంపెనీయే వాణ్ణి హైదరాబాద్ ఆఫీసు నుంచి పుణె ఆఫీసుకి బదిలీ చేసింది. వాడికి లంప్‌సమ్ ఇవ్వలేదు. ప్యాకర్స్ బిల్లు 32,000, టికెట్లు 6,000, బిల్లులు పెడితే ఇస్తామన్నారు. ఒక నెల సర్వీస్ అపార్ట్‌మెంట్ కంపెనీయే బుక్ చేసింది. అప్పట్లో నేను వాణ్ణి చూసి నవ్వాను, "నాకు లక్షన్నర, నీకు ముప్పై ఎనిమిది వేలా" అని. కానీ వాడికి 38,000కి 38,000 చేతికొచ్చాయి. ఒక్క రూపాయి పన్ను లేదు.

తేడా ఎక్కడుందంటే, ఆదాయపు పన్ను రూల్స్‌లో బదిలీ మీద అయ్యే ప్రయాణ ఖర్చుకి, సామాను ప్యాక్ చేసి తరలించే ఖర్చుకి ఇచ్చిన భత్యం నిజంగా ఖర్చయినంత మేరకు పన్ను లేదని ఉంది. చాలామందికి తెలియని సంగతేంటంటే, కొత్త పన్ను పద్ధతిలో దాదాపు అన్ని మినహాయింపులూ తీసేసినా ఇది ఒకటి ఉంచారు. అలాగే బదిలీ మీద వెళ్ళినప్పుడు మొదటి 15 రోజుల హోటల్ లేదా సర్వీస్ అపార్ట్‌మెంట్ ఖర్చు కూడా పన్నులోకి రాదు. పదహారో రోజు నుంచి వస్తుంది. మా వాడికి రెండో పక్షం మీద పడింది, మొదటి పక్షం మీద పడలేదు.

ఇందులో రెండు మాటలు జాగ్రత్తగా చూడాలి. ఒకటి "బదిలీ". ఉన్న కంపెనీలోనే ఊరు మారితే బదిలీ. కొత్త కంపెనీలో చేరడానికి ఊరు మారితే దాన్ని బదిలీ అనడం కష్టం, అందుకే చాలా పేరోల్ వాళ్ళు కొత్తగా చేరినవాళ్ళకి ఈ మినహాయింపు ఇవ్వరు. రెండోది "నిజంగా ఖర్చయినంత". బిల్లు లేని లంప్‌సమ్‌కి ఇది వర్తించదు. కాబట్టి మీది కంపెనీలోనే బదిలీ అయ్యుండి, హెచ్చార్ వాళ్ళు "లంప్‌సమ్ కావాలా, బిల్లుల మీద కావాలా" అని అడిగితే, అంకె చూసి మోసపోకండి. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి 1,00,000 లంప్‌సమ్ అంటే 68,800. మీ నిజమైన ఖర్చు 70,000 ఉంటే బిల్లుల దారే మంచిది. ఖర్చు 30,000 దాటకపోతే లంప్‌సమ్ మంచిది. నా సలహా ముందు ప్యాకర్స్ దగ్గర కొటేషన్ తీసుకుని, తర్వాతే జవాబు చెప్పమని.

నాలాగా కొత్త కంపెనీకి పోయేవాళ్ళకి ఏ దారీ లేదా అంటే, అద్దె విషయంలో ఒకటుంది. కంపెనీయే మొదటి మూడు నెలలు తన పేరు మీద ఇల్లు లీజుకి తీసుకుని మనకిచ్చి, 25,000 అద్దె నేరుగా ఓనర్‌కి కడితే, మన పన్ను లెక్కలోకి వచ్చేది ఆ 25,000 కాదు. అద్దె, లేదా ఆ నెల జీతంలో 10 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. నా జీతానికి అది 15,000. అదే 25,000 నా చేతికిస్తే మొత్తం 25,000 మీదా పన్ను. మూడు నెలల లీజుకి ఒప్పుకునే ఓనర్ దొరకడం కష్టమే, కాని గెస్ట్‌హౌస్‌లు నడిపే వాళ్ళతో కంపెనీలకి ఇలాంటి ఏర్పాట్లు ఉంటాయి. అడిగితే పోయేదేముంది?

ఇంటి అడ్వాన్సుకైతే లంప్‌సమ్ కంటే వడ్డీ లేని అప్పు మేలు. ఇది వింటే వింతగా ఉంటుంది, ఊరికే ఇచ్చే డబ్బు కంటే అప్పెలా మేలు అని. కాని ఇంటి అడ్వాన్సు మనం ఖర్చు పెట్టే డబ్బు కాదు కదా, ఓనర్ దగ్గర దాచే డబ్బు (పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుంటాడనుకోండి, అది వేరే కథ). ఆ 1,50,000 కంపెనీ అప్పుగా ఇస్తే, పన్ను పడేది మనకి మిగిలిన వడ్డీ మీద మాత్రమే. స్టేట్ బ్యాంక్ రేటు 9 శాతం అనుకుంటే ఏడాదికి 13,500, దాని మీద పన్ను 4,212. లంప్‌సమ్‌గా ఇస్తే పన్ను 46,800. ఎలాగూ ఏడాదిలోపు మానేస్తే వెనక్కివ్వాల్సిన డబ్బే అయినప్పుడు, దాన్ని నిజాయితీగా అప్పు అని పిలిస్తే ఇద్దరికీ సుఖం. ఏడాది నిండాక ఆ అప్పు తీర్చాల్సిందే గనక, ఇది లంప్‌సమ్‌కి బదులు కాదు, ఇంటి అడ్వాన్సు భాగానికి బదులు.

సరే, అసలు విషయానికొస్తాను.

2025 ఏప్రిల్లో అమ్మకి ఆరోగ్యం బాగోలేదు. నాయన ఒక్కడే చూసుకోలేని పరిస్థితి. హైదరాబాద్ ఆఫీసుకి మార్చమని అడిగాను, కుదరదన్నారు. మే 31 నా చివరి రోజు. అంటే సరిగ్గా పది నెలలు పనిచేశాను. ఫైనల్ సెటిల్‌మెంట్ షీటు వచ్చింది. రీలొకేషన్ రికవరీ: 1,50,000.

నేను హెచ్చార్‌కి ఫోన్ చేసి, "నాకు వచ్చింది 1,03,200 కదండీ" అన్నాను. ఆవిడ మర్యాదగానే చెప్పింది. "కంపెనీ ఖర్చు పెట్టింది 1,50,000. మీ పన్ను మేము గవర్నమెంటుకి కట్టేశాం. అది మా దగ్గర లేదు కదా" అని. ఆవిడ వైపు నుంచి చూస్తే అది నిజమే. మరి ఆ 46,800 ఎవరి దగ్గరుంది? గవర్నమెంటు దగ్గర. ఎందుకోసం? నేను సంపాదించని ఆదాయం కోసం.

"అయితే రిటర్న్‌లో వెనక్కి అడగొచ్చు కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడే మార్చి 31 అనే తేదీ వచ్చి అడ్డంగా నిలబడుతుంది. డబ్బు వచ్చింది 2024-25లో. కట్టింది 2025-26లో. ఒకే ఆర్థిక సంవత్సరంలో ఇచ్చి, అదే సంవత్సరంలో తీసుకుంటే పేరోల్ వాళ్ళు జీతంలోంచి తీసేసి, టీడీఎస్ తగ్గించి, ఫామ్ 16 సరిగ్గా ఇవ్వగలరు. ఏడాది దాటాక 2024-25 ఫామ్ 16లో ఆ లక్షన్నర అలాగే ఉండిపోయింది. 2025-26లో నా ఏప్రిల్, మే జీతాలు పూర్తిగా 3 లక్షలు చూపించి, రికవరీని పన్ను అయిపోయాక కోసిన కోతగా చూపించారు. జీతం లెక్కలో "గతేడాది తీసుకున్నది ఈ ఏడాది తిరిగిచ్చాను" అని తీసేసుకోవడానికి మన చట్టంలో ప్రత్యేకమైన గడి లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ విషయంలో కాస్త నయం. అక్కడ 2018 నుంచి కంపెనీ ఇచ్చే మూవింగ్ ఖర్చుల మీద మామూలు ఉద్యోగులకి పన్ను పడుతోంది, 2025 చట్టంతో అది శాశ్వతం కూడా అయింది. కాని గతేడాది పన్ను కట్టిన ఆదాయాన్ని ఈ ఏడాది తిరిగి కట్టేస్తే, ఆ మొత్తం 3,000 డాలర్లు దాటితే, అప్పటి పన్నుని క్రెడిట్‌గా తీసుకునే సెక్షన్ ఒకటి వాళ్ళకుంది. మనకి అలాంటిది లేదు.

మనకి ఉన్నది ట్రిబ్యునల్ తీర్పు. నోటీసు పీరియడ్ పూర్తి చేయనందుకు పాత కంపెనీ కోసుకున్న డబ్బు సంగతి 2017లో అహ్మదాబాద్ ఇన్‌కమ్‌టాక్స్ ట్రిబ్యునల్ ముందుకొచ్చింది. ఉద్యోగి చేతికి నిజంగా వచ్చిన జీతం మీదే పన్ను వెయ్యాలని ట్రిబ్యునల్ అంది. ఆ వాదన పట్టుకుని రికవరీ పోను మిగిలిన జీతమే రిటర్న్‌లో చూపించేవాళ్ళు ఉన్నారు. కాని అది నోటీసు పే గురించి, రీలొకేషన్ గురించి కాదు. పైగా మీ రిటర్న్‌కీ ఫామ్ 16కీ తేడా కనపడగానే డిపార్ట్‌మెంట్ నుంచి నోటీసు వచ్చే అవకాశం ఉంది, అప్పుడు ఆడిటర్ని పెట్టుకుని జవాబు చెప్పుకోవాలి. 46,800 కోసం ఆ పోరాటం చెయ్యాలా వద్దా అన్నది ఎవరి ఓపిక వాళ్ళది. నేను చెయ్యలేదు.

(నేను చెప్పిన లెక్కలు 2024-25, 2025-26 సంవత్సరాలవి, 1961 చట్టం కిందవి. 2026 ఏప్రిల్ 1తో ఆ చట్టం స్థానంలోకి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. అందుకే నేను నంబర్ల జోలికి పోలేదు. మీ సంవత్సరానికి శ్లాబులు, పరిమితులు ఏవో మీరు చూసుకోవాలి.)

ఇంకో మాట తరచుగా వినపడుతుంది. "ఇలాంటి బాండ్లు కోర్టులో చెల్లవు, కట్టక్కర్లేదు" అని. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ చూపిస్తారు, ఎవరి ఉద్యోగానికీ అడ్డం పడే ఒప్పందం చెల్లదని. ఈ ధైర్యం మీద సెటిల్‌మెంట్ ఎగ్గొట్టేముందు 2025 మేలో సుప్రీం కోర్టు ఇచ్చిన విజయా బ్యాంక్ తీర్పు గురించి తెలుసుకోండి. మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు అక్కడ విషయం. ఆ షరతు మిమ్మల్ని వేరే ఉద్యోగం చెయ్యకుండా ఆపడం లేదు, మధ్యలో మానేసినందుకు నష్టం కట్టమంటోంది అంతే, కాబట్టి చెల్లుతుంది అంది కోర్టు. అది ప్రభుత్వ బ్యాంకు, నియామకానికి పెద్ద ప్రక్రియ ఉంటుంది, అవన్నీ నిజమే. ప్రైవేటు కంపెనీ కేసులో మొత్తం సమంజసమా కాదా అని వాదించుకునే వీలుంటుంది. కాని "ఎలాగూ చెల్లదు" అని మాత్రం అనుకోకండి. సంతకం పెట్టకముందు మార్పించుకోవడం, పెట్టాక కోర్టులో కొట్లాడ్డం కంటే చాలా చవక.

కంపెనీల వైపు న్యాయం లేదని నేను అనను. లక్షన్నర తీసుకుని, బెంగుళూరు చేరి, మూడో నెలలో ఇంకో ఆఫర్ చూసుకుని ఎగిరిపోయినవాళ్ళని నేనే చూశాను. అలాంటివాళ్ళ వల్లే ఈ షరతు పుట్టింది. డబ్బు వెనక్కి అడగడంలో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా రెండిటి మీదే. పదో నెలలో పోయినవాడినీ రెండో నెలలో పోయినవాడినీ ఒకేలా చూడటం ఒకటి. నా చేతికి రాని డబ్బు నన్ను అడగటం రెండు. మనం ఇంజనీర్లం కాబట్టి న్యాయమైన షరతుని ఒక లైన్లో రాయొచ్చు:

```
repay = net_received * (12 - months_worked) / 12
```

నా కేసులో వేసి చూడండి. చేతికొచ్చింది 1,03,200. పనిచేసింది 10 నెలలు, మిగిలింది 2 నెలలు. కట్టాల్సింది 17,200. గ్రాస్ మీదే లెక్క వేసి, నెలల వారీ తగ్గించినా 25,000. నేను కట్టింది 1,50,000. షరతులో రెండు మాటలు మారితే ఇంత తేడా.

హైదరాబాద్‌లో తర్వాతి ఆఫర్ వచ్చినప్పుడు నేను ఈ రెండు మాటలూ అడిగాను. చేరడానికి ముందే, మెయిల్లో. ఈసారి రీలొకేషన్ కాదు, జాయినింగ్ బోనస్, కాని షరతు అచ్చంగా అదే. నెలల వారీ తగ్గింపుకి వెంటనే ఒప్పుకున్నారు, వేరే వాళ్ళకీ ఇస్తున్నారట. పన్ను పోను చేతికొచ్చిన దాని మీదే అన్నదానికి మొదట కుదరదన్నారు. చివరికి మధ్యే మార్గం దొరికింది. అదే ఆర్థిక సంవత్సరంలో మానేస్తే గ్రాస్ మీద (పేరోల్లో సర్దేస్తారు కాబట్టి నాకు నష్టం లేదు), ఏడాది దాటి మానేస్తే నెట్ మీద. ఇది కంపెనీకి కూడా అర్థమయ్యే వాదన. పైగా ఇంకో మాట చేర్పించాను: కంపెనీయే తీసేస్తే, లేదా ఆఫీసు ఊరు మారిస్తే, రికవరీ లేదు. నా పాత లెటర్లో "వదిలితే" అని మాత్రమే ఉంది, ఎవరు వదిలించినా వదిలినట్టే అన్నట్టు.

మీ లెటర్లో కూడా "తిరిగి కట్టాల్సిన మొత్తం" అంటే ఏమేం కలుస్తాయో చూడండి. కొన్నిట్లో లంప్‌సమ్ ఒక్కటే ఉంటుంది. కొన్నిట్లో "రీలొకేషన్ ప్రయోజనాలన్నీ" అని ఉంటుంది. అప్పుడు కంపెనీ గెస్ట్‌హౌస్‌కి కట్టిన బిల్లు, విమానం టికెట్లు కూడా మీ నెత్తిన పడతాయి, ఆ బిల్లు ఎంతయిందో మీకు తెలియకుండానే. అలాంటి మాట ఉంటే అంకె రాయమని అడగండి. ఇంకా, 12 నెలలు ఏ తేదీ నుంచి లెక్కిస్తారో చూడండి. చేరిన తేదీ నుంచా, డబ్బిచ్చిన తేదీ నుంచా? రాజీనామా ఇచ్చిన రోజు లెక్కా, చివరి పని రోజు లెక్కా? రెండు నెలల నోటీసు పీరియడ్ ఉన్నచోట ఈ తేడా చిన్నది కాదు. ఎలాగూ మానేయాలని జనవరిలోనే తెలిసిపోతే, చివరి రోజూ రికవరీ మార్చి జీతంలోనే పడేలా చూసుకోండి. ఏప్రిల్‌కి జారిందంటే నా కథే మీ కథ.

మళ్ళీ మా పెద్దనాయన దగ్గరికొస్తాను. ఆ రోజు ఆయనకి నేనొక విషయం చెప్పాను. వలస కూలీల కోసం 1979లో కేంద్రం ఒక చట్టం చేసింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. కాంట్రాక్టర్ వేరే రాష్ట్రానికి తీసుకుపోయే ప్రతి కూలీకీ, పనిలో పెట్టుకునేటప్పుడే నెల కూలిలో సగం, లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలి. అది కూలికి అదనం. పోను రాను ఛార్జీలు ఇవ్వాలి. ప్రయాణం చేసిన రోజులకి కూడా కూలి కట్టాలి. అన్నిటికంటే నన్ను ఆపిన మాట, ఆ స్థానభ్రంశ భత్యాన్ని తిరిగి ఇవ్వక్కర్లేదని చట్టంలోనే రాశారు.

ఆ చట్టం నాలాంటి ఉద్యోగుల కోసం చేసింది కాదు. అయినా సరదాకి నా జీతానికి వేసి చూశాను. నెల జీతంలో సగం 75,000. వెనక్కి అడగని 75,000, పైగా రెండు వైపులా టికెట్లు. పది నెలలకి తిరిగొచ్చినవాడికి, నాకిచ్చిన లక్షన్నర కంటే అది ఎంత మెరుగో చెప్పక్కర్లేదు. 1979లో ఎవరో అధికారి కూచుని, ఊరు వదిలి పోయేవాడి చేతిలో పెట్టిన డబ్బు వాడి మెడకి తాడు కాకూడదని ఆలోచించి ఆ ఒక్క వాక్యం రాశాడు. నా ఆఫర్ లెటర్ రాసినవాడికి ఆ ఆలోచన రాలేదు.

"మాకెవ్వడు ఇయ్యలే గవన్ని" అన్నాడు పెద్దనాయన. "మేస్త్రి అడ్వాన్సు ఇచ్చుడు, మేము పని చేసి తీర్చుడు. గంతే."

చట్టం పుస్తకంలో ఉండటానికీ చేతికి రావటానికీ అంత దూరం. ఇప్పుడు ఆ చట్టం కూడా లేదు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకొచ్చింది. అందులో ప్రయాణ భత్యం ఉంచారు, స్థానభ్రంశ భత్యం తీసేశారు. నెల జీతం లక్షన్నర వచ్చే నాలాంటివాడు సంతకానికి ముందు ఒక మెయిల్ రాసి తన షరతు మార్పించుకోగలడు. నాకు పోయింది 46,800, అందులోనూ తప్పు సగం నాదే. ఇంకా అడ్వాన్సు తీసుకుని బస్సెక్కే మా ఊరివాళ్ళకి ఆ మెయిల్ రాసే వీలు లేదు, వాళ్ళ తరఫున చట్టంలో ఉన్న ఆ ఒక్క వాక్యం కూడా పోయింది. ఇద్దరి కష్టం ఒకటే అని నేననను. షరతు మాత్రం ఒక్క చేతి రాతే.

మీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి ఆ చిన్న అక్షరాల పేరా చూడండి. గ్రాసా, నెట్టా? మొత్తమా, నెలల వారీనా? మీకు ఇంతకంటే మంచి షరతు ఎవరైనా ఇచ్చుంటే, అందులో మాటలు ఎలా ఉన్నాయో కింద రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది.